కలం ముందు, ఆలోచన వెనుక

రాత్రి వచ్చిన కలను పొద్దున్నే ఎవరికైనా చెప్పి చూడండి. చెబుతున్నంతసేపూ ఏదో కల్పించి చెబుతున్నామన్న అనుమానం మనకే కలుగుతుంది. కలలో మేడమెట్లు ఎక్కితే పైన చెరువుగట్టు ఉంటుంది. అందులో మనకేమీ వింత కనిపించదు. అదే పక్కవాళ్లకు చెప్పేటప్పుడు మాత్రం "ఎలా వచ్చానో తెలీదు గానీ, చూసేసరికి చెరువుగట్టు మీదున్నా" అంటాం. ఆ "తెలీదు గానీ" కలలో లేదు. మెలకువలో ఉన్న బుర్ర తగిలించిన అతుకు అది. నాలుగైదు అతుకులు పడేసరికి కల కాస్తా కథ అయి కూర్చుంటుంది.

కలలో పాము కనిపిస్తే ఏమవుతుంది, పళ్లు ఊడితే ఏమవుతుంది అని మన ఇళ్లలో చెప్పుకునే ఫలాలతో 1920ల నాటి పారిస్ సర్రియలిస్టులకు పనిలేదు. వాళ్లు పట్టుకున్నది ఈ అతుకుల సంగతే. అతుకు వేసే మనసును కాసేపు పక్కకు తప్పించి, లోపలున్నదాన్ని ఉన్నట్టుగా కాగితం మీదికి తేగలమా అన్నది వాళ్ల ప్రశ్న.

ఈ ప్రశ్న ఒక ఆసుపత్రిలో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఆంద్రే బ్రెతోఁ అనే ఇరవయ్యేళ్ల వైద్య విద్యార్థిని ఫ్రాన్సులోని సాఁ-దిజియే అనే ఊళ్లో మానసిక చికిత్సా కేంద్రానికి పంపారు. యుద్ధరంగంలో మతి చెదిరిన సైనికులు అక్కడ ఉండేవారు. నోటికొచ్చింది వచ్చినట్టు రోగిచేత చెప్పించే ఫ్రాయిడ్ పద్ధతిని బ్రెతోఁ అక్కడే తెలుసుకున్నాడు, ప్రయత్నించి చూశాడు. రోగి చేత చేయించేది నా చేత నేనే ఎందుకు చేయించుకోకూడదు అన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. 1919లో ఫిలిప్ సూపోతో కలిసి కూర్చుని, కొట్టివేతలు లేకుండా, వెనక్కి తిరిగి చదవకుండా, చేతనైనంత వేగంగా రాసుకుంటూ పోయాడు. మొదటి రోజు ముగిసేసరికి సుమారు 50 పేజీలయ్యాయట. దాన్నే ఆటోమేటిక్ రచన అన్నారు. 1924 అక్టోబరులో బ్రెతోఁ ప్రకటించిన సర్రియలిస్టు మేనిఫెస్టోకు ఈ పద్ధతే పునాది. తెలుగులో అధివాస్తవికత అని పిలుచుకున్నదీ, శ్రీరంగం నారాయణబాబు కవిత్వంలోకి వచ్చి చేరిందీ ఈ ధోరణే.

వేగంగా రాయడంలో ఒక ఉపాయం ఉంది. అచేతన మనసు తొందరలో ఉంటుందని కాదు. కాపలా కాసే మనసుకు ఆలోచించే వ్యవధి ఇవ్వకూడదని. మధ్యలో కలం ఆగిపోతే ఏం చేయాలో కూడా బ్రెతోఁ చెప్పాడు: ఆ వాక్యాన్ని అక్కడే తెంపెయ్యాలి, ఏదో ఒక అక్షరం, ఉదాహరణకు 'ఎల్', పెట్టేసి తర్వాతి మాటను దానితోనే మొదలెట్టాలి. ఆగిన బండిని వెనకనుంచి తోసినట్టన్నమాట.

రాతకు సరే, మరి బొమ్మకు? ఇక్కడే చిక్కొచ్చింది. సర్రియలిస్టుల పత్రిక తొలి సంచికలోనే, 1924 డిసెంబరులో, మాక్స్ మొరీజ్ అనే సభ్యుడు ఈ సంగతి ఎత్తాడు. కలలో చూసిన దృశ్యాన్ని చిత్రకారుడు తీరిగ్గా కూర్చుని రంగుల్లో వేస్తే అది కల కాదు, కల జ్ఞాపకం. దృశ్యం లోపలినుంచే వచ్చి ఉండవచ్చు. వేసే పని మాత్రం పూర్తిగా మెలకువది. పొద్దున్నే కల చెప్పేవాడికి పట్టిన తిప్పలే చిత్రకారుడికీ పట్టాయి.

దీనికి ఒక దారి చూపినవాడు ఆంద్రే మాసోఁ. యుద్ధం నుంచి గాయంతో తిరిగొచ్చినవాడు. పారిస్‌లో రూ బ్లోమే వీధిలో అతని స్టూడియో, పక్క స్టూడియో జువాన్ మిరోది. 1924లో మాసోఁ ప్రదర్శనలో బ్రెతోఁ ఒక చిత్రం కొన్నాడు. అలా ఇద్దరికీ పరిచయమైంది.

మాసోఁ పద్ధతికి కావలసిన సరంజామా ఏమీ లేదు, ఓ కాగితం, కలం, ఇండియన్ ఇంకు. ఏం వేయాలన్న ఆలోచన లేకుండా కలాన్ని కాగితం మీద వేగంగా పోనివ్వడం మొదటి మెట్టు. మన ముగ్గుకు ఇది పూర్తిగా ఎదురు. ముగ్గులో చుక్కలు ముందే పడి ఉంటాయి, గీత ఎటు తిరగాలో అవి చెబుతాయి. ఇక్కడ చుక్కలే లేవు. గీత చిక్కుపడుతుంది, తన మీదుగా తానే దాటుతుంది, మెలిక తిరుగుతుంది. కాసేపటికి ఆ చిక్కులో ఏదో కనిపించడం మొదలవుతుంది: ఒక వేలు, పిట్ట రెక్క, చేప తోక. అప్పుడు రెండో మెట్టు. కనిపించిన దానికి ఒక చిన్న గీత కలిపి దాన్ని బయటికి రానిస్తాడు. ఆ కాలపు మాసోఁ బొమ్మలు చూస్తే ఈ రెండు దశలూ విడివిడిగా తెలుస్తాయి. చాలాచోట్ల గీత గీతగానే పరుగెడుతుంటుంది, అక్కడక్కడా ఒక చెయ్యి, ఒక స్త్రీ దేహం తేలి, మళ్లీ గీతలో మునిగిపోతుంది.

ప్రమాదమంతా రెండో మెట్టు దగ్గరే. ఆకారాన్ని బయటికి రానిస్తున్నది ఎవరు? కాపలా మనసు కాదని ఏమిటి నమ్మకం? నేనోసారి సరదాకి ప్రయత్నించాను. మూడో కాగితానికే నా చెయ్యి ప్రతిసారీ ఒకే రకం సుడి తిప్పుతోందని అర్థమైంది. బడిలో నోటుపుస్తకం అంచుల్లో గీసిన సుడే అది. అది అచేతన మనసు కాదు, మణికట్టు అలవాటు. ఆటోమేటిక్ బొమ్మ దారి తప్పిందనడానికి మొదటి గుర్తు ఇదే: ఒకే మెలిక పదేపదే రావడం. రెండో గుర్తు, ముఖం మరీ తొందరగా రావడం. రెండు చుక్కలూ ఒక గీతా కనిపిస్తే చాలు, మన కన్ను ముఖం కట్టేస్తుంది, ఇక తర్వాతి గీతలన్నీ ఆ ముఖానికి సేవ చేస్తాయి. గీతలో వేగం తగ్గి, అంచు శుభ్రంగా, కుదురుగా రావడం మూడోది. అక్కడ చెయ్యి ఆలోచించిందన్నమాట.

మాసోఁకు ఈ ఇబ్బందులతోపాటు మరొకటి కూడా ఉంది. కలంతో పరుగెత్తినట్టు కుంచెతో పరుగెత్తలేం. రంగు అయిపోతుంది, ముంచుకోవాలి, మరో రంగు కలుపుకోవాలి. ముంచిన ప్రతిసారీ ఆలోచన వచ్చి పక్కన కూర్చుంటుంది. 1926 చివర్లో అతనికి తోచిన విరుగుడు ఇసుక. కాన్వాసును నేలమీద పరిచి, దానిమీద అక్కడక్కడా జిగురు ఒలకబోశాడు. పైన ఇసుక చల్లి, కాన్వాసును ఎత్తి వంచాడు. జిగురున్నచోట ఇసుక అంటుకుంది, మిగతాది జారిపోయింది. మిగిలిన ఇసుక మచ్చల ఆకారం అతను గీసింది కాదు. వాటిని చూస్తూ, తోచిన గీతలు బొగ్గుతో గీశాడు. రంగు కావలసినచోట కుంచె మానేసి ట్యూబునే నొక్కుతూ నేరుగా కాన్వాసు మీద గీత లాగాడు. ఇలా పుట్టిన 'చేపల యుద్ధం' ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. 36 సెంటీమీటర్ల ఎత్తు, 73 సెంటీమీటర్ల పొడవు, పెద్ద బొమ్మేమీ కాదు. ఇసుక సముద్రం అడుగు అయింది, మచ్చల చుట్టూ వాడి పళ్ల చేపలు ఒకదాన్నొకటి చీల్చుకుంటున్నాయి, అక్కడక్కడా నెత్తుటి ఎరుపు. ఆరంభం చేతి అలవాటు నుంచి తప్పించుకుంది. అంతవరకు ఇసుక గెలిచింది.

మాక్స్ ఎర్నెస్ట్ అయితే చేతిని ఇంకా పక్కకు నెట్టాడు. 1925 ఆగస్టు 10న, వాన కురుస్తున్న సాయంత్రం, సముద్రపుటొడ్డున ఒక హోటలు గదిలో చెక్కనేలను చూస్తూ కూర్చున్నానని అతనే చెప్పుకున్నాడు. కడిగి కడిగి అరిగిన పలకల మీద ఈనెలు పైకి తేలి ఉన్నాయి. వాటిమీద కాగితాలు పరిచి పెన్సిల్ సీసంతో రుద్దాడు. రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం మనలో చిన్నప్పుడు చేయనివారుండరు, సరిగ్గా అదే పని. తేడా ఏమిటంటే, మనకు బిళ్లలోని బొమ్మే కావాలి, అతనికి చెక్క నుంచి చెక్క కానిది కావాలి. ఆకులు, గోనెగుడ్డ, దారం కూడా రుద్దాడు. ఆ రుద్దుళ్లలో అడవులు, కళ్లు, పక్షులు కనిపించాయి. 1926లో వాటిలో 34 బొమ్మలను 'ప్రకృతి చరిత్ర' పేరుతో అచ్చువేశారు.

వింత జోడింపులకు పెద్ద చెయ్యి కూడా ఎర్నెస్టే. పాత కేటలాగుల్లో, చవక నవలల్లో ఉండే 19వ శతాబ్దపు చెక్కడపు బొమ్మలను కత్తిరించి, గదిలో సముద్రాన్నీ, మనిషి భుజాల మీద పక్షి తలనూ అతికించేవాడు. జాగ్రత్తగా గమనించాల్సింది వింత వస్తువుల ఎంపికను కాదు, అతుకును. కత్తిరించిన ముక్కలన్నీ ఒకే రకం చెక్కడపు గీతలవి కాబట్టి ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. అతికించాక మళ్లీ ఫొటో పద్ధతిలో అచ్చువేయడంతో కాగితం అంచు నీడ కూడా మాయమవుతుంది. 1929లో వచ్చిన అతని కొలాజ్ నవల 'వంద తలల స్త్రీ' నిండా ఇదే పనితనం. కలలో చెరువుగట్టు మేడమీద ఉన్నా మనకు ఆశ్చర్యం వేయకపోవడానికి కారణం అక్కడ అతుకు కనిపించకపోవడమే. ఎర్నెస్ట్ దాన్ని కత్తెరతో సాధించాడు, అదీ పూర్తి మెలకువతో, ఒళ్లు దగ్గర పెట్టుకుని. సర్రియలిజం మీద నాకున్న పెద్ద సందేహం ఇక్కడే. అచ్చంగా కలలా కనిపించే బొమ్మలు తరచూ అచేతనంగా వేసినవి కావు.

ఇద్దరు ముగ్గురు కలిస్తే ఈ సందేహాన్ని కాస్త తప్పించుకోవచ్చు. 1925 ప్రాంతంలో ఈ మిత్రబృందం పారిస్‌లో 54, రూ దు షాతో ఇంట్లో ఒక ఆట మొదలెట్టింది. కాగితాన్ని మడుస్తారు. ఒకరు తల గీసి, మెడ గీతలను మడత అవతలికి కొంచెం రానిచ్చి, తల కనపడకుండా మడిచి అందిస్తారు. రెండోవారు ఆ రెండు చిన్న గీతల నుంచి మొండెం, మూడోవారు కాళ్లు వేస్తారు. విప్పితే తల స్థానంలో దీపం, పొట్ట స్థానంలో గడియారం ఉండొచ్చు. ఒకరి ఆలోచన మరొకరిదాన్ని కాపలా కాయలేదు, ఎందుకంటే చూడలేదు.

ఇన్ని ఎత్తులు వేసినా 1933 నాటికి బ్రెతోఁ ఒక వ్యాసంలో ఆటోమేటిక్ రచన చరిత్రంతా వరుస దురదృష్టమేనని ఒప్పుకున్నాడు. అభ్యాసం పెరిగేకొద్దీ అది కూడా ఒక శైలిగా గట్టిపడింది. మాసోఁ సైతం ఒక్క ఆటోమేటిజమే చాలదని పక్కకు జరిగాడు.

అసలు దెబ్బ కొట్టింది ఫ్రాయిడే. కలల సంకలనం ఒకటి తెస్తున్నాను, మీరూ ఏదైనా రాయండి అని బ్రెతోఁ అడిగితే, 1937 డిసెంబరులో ఆయన ఉత్తరం రాశాడు. కలగన్నవాడికి ఆ కలను చూస్తే ఏమేం గుర్తొస్తున్నాయో, అది ఏ పరిస్థితుల్లో వచ్చిందో తెలియకుండా, వట్టి కలల మూట తనకేమీ చెప్పదని దాని సారాంశం. సర్రియలిస్టులు అంత కష్టపడి చెరిపేసిన అతుకులే వైద్యుడికి కావలసినవి.

ఈ మాట విన్నాక 'చేపల యుద్ధం' ముందుకు మళ్లీ వెళ్లి చూడండి. 1917లో షెమాఁ దే దామ్ యుద్ధరంగంలో మాసోఁకు ఛాతీలో తీవ్రమైన గాయమైంది. రాత్రంతా అతను అక్కడే నేలమీద పడి ఉన్నాడు. తర్వాత ఆసుపత్రుల్లో, మానసిక చికిత్సాలయంలో నెలలు గడిపాడు. ఆ సంగతి తెలియని వాళ్లు ఆ బొమ్మలో సముద్రం అడుగును చూస్తారు. తెలిసినవాళ్లు చేపల పళ్లకూ ఇసుకకూ మధ్య ఎర్రటి చోట కాసేపు నిలబడిపోతారు.