వంగి చేసే పనిలో మెడకు నీడ

క్యాప్ నీడ ముందువైపే పడుతుంది. నుదురు, కళ్లు, ముక్కు ఆ నీడలో ఉంటాయి కానీ చెవులు, మెడ వెనుక భాగం ఎండకు మాడిపోతాయి. చుట్టూ అంచున్న టోపీ వీటిని కూడా కాపాడుతుంది. అందుకు అంచు కనీసం మూడు అంగుళాల వెడల్పు ఉండాలి. సూర్యుడు నడినెత్తికీ నేలకూ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు మూడు అంగుళాల అంచు కింద నీడ కూడా సుమారు మూడు అంగుళాలే దిగుతుంది. ఎండ ఏటవాలుగా కొట్టే ఉదయం, సాయంత్రం వేళల్లో ఇంకా తక్కువే.

ఈ లెక్క నిలబడి చేసే పనికి సరిపోతుంది. వరి నాట్లు, కలుపుతీత అలాంటివి కావు. నడుం వంచి తల దించినప్పుడు టోపీ అంచు నిలువుగా లేస్తుంది. వెనుక అంచు మెడ మీదికి వాలకుండా పైకి చూస్తుంది. అప్పుడు సూర్యుడు వీపు వైపు ఉంటే ఎంత వెడల్పు అంచైనా మెడకు నీడనివ్వదు. చాలామంది పట్టించుకోని సంగతి ఇదే. వంగి పనిచేసేవారికి అంచుతోపాటు వెనుక వేలాడే గుడ్డ తప్పనిసరి. తలమీద పలుచని నూలు తువ్వాలు వేసి, దాని చివరలు మెడ, భుజాల మీదికి జారేలా వదిలి, పైన టోపీ పెట్టుకుంటే చాలు. క్యాప్ మాత్రమే ఉన్నవారికీ ఇదే ఉపాయం. తెలంగాణ, రాయలసీమ పొడి ఎండల్లో ఆ తువ్వాలును తడిపితే మెడ చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో తడి త్వరగా ఆరదు కాబట్టి అంత చల్లదనం రాదు.

ఇక గాలి సంగతి. చెమట ఆరితేనే తల చల్లబడుతుంది. క్యాప్ నెత్తికి అతుక్కుని ఉంటుంది, అందులోనూ పాలిస్టర్, ఫోమ్ ఉన్నదైతే లోపలి వేడి బయటికి పోదు. వెనుక వలగుడ్డ ఉన్న క్యాప్‌లో గాలి ఆడుతుంది కానీ ఆ రంధ్రాల్లోంచి ఎండ నేరుగా మాడును తాకుతుంది. గడ్డి, తాటాకు, వెదురు టోపీల్లో లోపలి పట్టీ మీద టోపీ నిలిచి, నెత్తికీ పైకప్పుకూ మధ్య ఖాళీ ఉంటే గాలి తిరుగుతుంది. అయితే అల్లిక మరీ వదులుగా ఉండకూడదు. కొనేముందు టోపీని ఎండకు పట్టి కింద పడే నీడను చూడాలి. నీడలో వెలుగు చుక్కలు ఎక్కువగా కనిపిస్తే ఎండ లోపలికి దిగుతున్నట్టే.

వెడల్పు అంచుకు గాలి తగిలితే టోపీ ఎగిరిపోతుంది, గడ్డం కింద తాడు ఉండాలి. తలపై గంప మోయాలంటే అది అడ్డమే. మడిలో నీటి మీంచి పైకి తిరిగివచ్చే వెలుగును ఏ టోపీ ఆపదు. పైకప్పున్న ట్రాక్టర్ నడిపేవారికి క్యాప్ చాలు. నాట్లకు, కలుపుకు వెళ్లేవారు మాత్రం వెడల్పు అంచు టోపీ కింద తువ్వాలు వేసుకునే పొలంలోకి దిగాలి.