నిచ్చెన ఎక్కే మనిషికి చేరాల్సిన అర్జీ

వీధి దీపం బాగుచేయించమని మున్సిపల్ కమిషనరుకు లేఖ రాయడం తెలుగు మాధ్యమంలో చదువుకున్న చాలామందికి బడిలోనే అలవాటు చేశారు. ‘మా వీధిలో దీపాలు వెలగక ప్రజలు నానా ఇబ్బందులు పడుతున్నారు, కావున తమరు దయతో తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన’ అని రాస్తే మార్కులు పడేవి. ఆ మాటలనే నిజమైన ఆఫీసులో ఇస్తే పని కాదు. వాటిలో ఏ దీపమో లేదు, ఏమైందో లేదు.

ముందుగా ఆ కాగితం ఎటు వెళ్తుందో చూద్దాం. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో దానిమీద తేదీ ముద్ర, నంబరు పడతాయి. కమిషనర్ దాన్ని ఇంజనీరింగ్ విభాగానికి రాస్తారు. అక్కడ ఏఈ చూసి వీధి దీపాల సిబ్బందికి పంపుతారు. చివరికి అది ఒక రిజిస్టర్‌లోనో ఫోన్‌లోనో ఒక్క వరుసగా మిగులుతుంది. నిచ్చెన వేసుకుని వచ్చే ఎలక్ట్రీషియన్‌కు మీ ఉత్తరం కనపడదు, ఆ వరుస ఒక్కటే కనపడుతుంది. ఆ వరుసను గుమాస్తా సాధారణంగా ‘విషయం’ అన్న దగ్గర నుంచి ఎత్తి రాస్తాడు. కాబట్టి ఉత్తరంలో బరువంతా విషయం మీదే ఉండాలి.

కొత్తగా ఊరికి వచ్చినవాళ్లకు ఇక్కడే చిక్కు. వార్డు నంబరు తెలియదు. వీధికి బోర్డు మీద ఒక పేరు, జనం నోట ఇంకో పేరు. ఇంటికి పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉంటాయి. ఇంటి యజమాని దగ్గర ఆస్తిపన్ను రసీదు అడిగి చూడండి. వార్డు, డోర్ నంబరు అందులో ఉంటాయి. మీరు అద్దెకున్నవారైనా ఫిర్యాదు చేసే హక్కుకు లోటేమీ లేదు. వీధి దీపాలు మున్సిపాలిటీల బాధ్యతల్లో ఒకటని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలే చెబుతుంది. ఆ బాధ్యత వీధిలో నడిచే అందరి పట్లా ఉంటుంది, పన్ను కట్టే యజమాని ఒక్కడి పట్లే కాదు.

అన్నిటికన్నా పనికొచ్చేది స్తంభం నంబరు. చాలా ఊళ్లలో స్తంభం మీద మనిషి ఎత్తులో పెయింటుతో నంబరు వేస్తారు. కొన్నిచోట్ల ఒకే స్తంభం మీద రెండు నంబర్లుంటాయి, ఒకటి కరెంటు సంస్థది, రెండోది మున్సిపాలిటీది. ఏది ఎవరిదో తేల్చుకునే శ్రమ మీకెందుకు? రెండూ రాసేయండి. పెయింటు చెరిగిపోయి ఉంటే దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు చూసి, అక్కడి నుంచి ఎన్నో స్తంభమో లెక్కపెట్టి రాయండి. పగలు తీసిన ఫొటో ఒకటి జతచేస్తే మంచిది. రాత్రి ఫొటోలో చీకటి తప్ప ఏమీ రాదు, జనం మాత్రం అదే పంపుతారు.

ఇక ఏమైందో చెప్పాలి. సాయంత్రం దీపాలు వెలిగే వేళ బయట నిలబడి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. అటూ ఇటూ దీపాలు వెలుగుతూ మధ్యలో ఒక్కటే ఆరి ఉంటే లోపం ఆ స్తంభం మీదే ఉంది. దీపమో, దాని లోపలి డ్రైవరో, పైన లాగిన తీగ నుంచి దీపానికి వచ్చే కనెక్షనో పోయి ఉంటుంది. వరుసగా అన్నీ ఆరిపోతే స్తంభాలెక్కి లాభం లేదు. వీధి దీపాలకు ఇళ్ల కరెంటుతో సంబంధం లేకుండా వేరే తీగ లాగుతారు. మన లైన్‌మన్లు దాన్ని థర్డ్ వైర్ అంటారు. ఒక పెట్టెలోని టైమరో, సీసీఎంఎస్ అనే కంట్రోల్ పరికరమో సాయంత్రం ఆ తీగలోకి కరెంటు వదిలి తెల్లారి ఆపుతుంది. వరుస మొత్తం చీకటైతే ఆ పెట్టెలో ఎంసీబీ పడిపోయి ఉండాలి, లేదా తీగ ఎక్కడో తెగి ఉండాలి. ఇళ్లలో కరెంటు ఉండి వీధి మాత్రమే చీకటిగా ఉండటానికి కారణం ఇదే. ‘మా ఇంటి ముందు దీపం’ అని మాత్రమే రాస్తే వచ్చినవాడు మీ స్తంభం ఎక్కి, దీపం బాగానే ఉందని దిగి వెళ్లిపోతాడు.

వెలిగి ఆరి, మళ్లీ వెలిగే దీపాన్ని ‘వెలగడం లేదు’ అని రాయకండి. సిబ్బంది వచ్చిన వేళకు అది వెలుగుతూ కనిపిస్తే ఫిర్యాదు పరిష్కారమైనట్టు రాసుకుని పోతారు. పసుపు వెలుగునిచ్చే పాత సోడియం దీపమైతే, కాసేపు వెలిగి ఆరి, చల్లారాక మళ్లీ వెలగడం దాని ఆయుష్షు తీరిందనడానికి గుర్తు. తెల్లటి ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటే డ్రైవర్ పాడవుతోందనో కనెక్షన్ వదులైందనో అనుమానించాలి.

ఈ తేడా ఇప్పుడు ముఖ్యమవడానికి ఒక నేపథ్యం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను దెబ్బతీశాక అక్కడ వీధి దీపాలను పెద్ద ఎత్తున ఎల్‌ఈడీలుగా మార్చారు. 2015 జనవరిలో కేంద్రం ఇదే పనిని జాతీయ పథకంగా మొదలుపెట్టింది. సోడియం రోజుల్లో బల్బు పోతే లైన్‌మన్ సంచిలోంచి ఇంకోటి తీసి బిగించేవాడు. ఎల్‌ఈడీలో విడిగా బల్బు ఉండదు. చాలాసార్లు ఫిటింగ్ మొత్తం దించి, అదే వాటేజీది మరొకటి ఎక్కించాలి. అది స్టోరులో ఉండాలి. చాలా ఊళ్లలో నిర్వహణ కాంట్రాక్టు సంస్థ చేతిలో ఉంటుంది కాబట్టి ఆ సంస్థ పంపాలి. రిపేరు ఆలస్యమైతే మామూలు కారణం ఇదే. తెల్లదీపమో పసుపుదీపమో ఉత్తరంలో ఉంటే, వచ్చేవాడు ఉత్తచేతులతో వచ్చి తిరిగి వెళ్లే అవసరం తప్పుతుంది.

మూడు సందర్భాల్లో ఈ ఉత్తరం పనికిరాదు. స్తంభానికి దీపమే బిగించి లేకపోతే మీరు అడిగేది మరమ్మతు కాదు, కొత్త దీపం. దానికి అంచనా, మంజూరు వేరుగా కావాలి. గేటెడ్ కాలనీలోనో, మున్సిపాలిటీ ఇంకా స్వాధీనం చేసుకోని కొత్త లేఅవుట్‌లోనో ఉంటే దీపాల బాధ్యత అసోసియేషన్‌దో లేఅవుట్ వేసినవారిదో అవుతుంది. కొత్త కాలనీకి వచ్చినవాళ్లు ఇది ముందే కనుక్కోవాలి. ఇక తీగ తెగి వేలాడినా, వానలో స్తంభం ముట్టుకుంటే షాక్ కొట్టినా ఉత్తరం రాస్తూ కూర్చోకూడదు. వెంటనే కరెంటు సంస్థ 1912 నంబరుకు ఫోన్ చేసి, ఎవరూ అటు వెళ్లకుండా చూడాలి.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. సాయంత్రం డ్యూటీలు చేసే ఒక నర్సు ఓ మధ్యరకం పట్టణంలో కొత్తగా అద్దెకు దిగారు. గేటు ఎదుటి దీపం వెలగదు. రెండు సాయంత్రాలు గమనించి, పక్కింటావిడను అడిగి ఇలా రాశారు:

‘మున్సిపల్ కమిషనర్ గారికి,

విషయం: 14వ వార్డు, పాలకేంద్రం వీధి, 27వ నంబరు స్తంభంపై ఎల్‌ఈడీ దీపం వెలగడం లేదు. మరమ్మతు గురించి.

అయ్యా,

నేను గత నెలలో ఈ వీధిలోని 14-3-52 నంబరు ఇంటి మేడపైకి అద్దెకు వచ్చాను. మా గేటుకు ఎదురుగా, పాలకేంద్రం నుంచి రామాలయం వైపు వెళ్తే మూడోదిగా ఉన్న సిమెంటు స్తంభంపై దీపం నేను వచ్చినప్పటి నుంచీ వెలగడం లేదు. ఇరుపక్కల 26, 28 స్తంభాలపై దీపాలు రోజూ వెలుగుతున్నాయి. ఉగాది ముందు వచ్చిన గాలివాన తరువాత ఈ దీపం కొన్నాళ్లు మినుకుమినుకుమని ఆపై ఆరిపోయిందని ఇరుగుపొరుగు చెబుతున్నారు. స్తంభం పక్కనే మూతలేని మురుగుకాలువ ఉంది. నేను డ్యూటీ ముగించుకుని రాత్రి పదిన్నరకు ఆ అంచునే ఇంటికి వస్తాను. దీపాన్ని బాగుచేయించవలసిందిగా కోరుతున్నాను. పగటిపూట తీసిన స్తంభం ఫొటో జతచేశాను. సిబ్బంది వచ్చినప్పుడు ఫోన్ చేస్తే చోటు చూపిస్తాను.’

కింద సంతకం, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు. అంతే. గాలివాన ముచ్చట ఊరికే రాయలేదు. గాలికి ఊగి కనెక్షన్ వదులై ఉండొచ్చన్న ఆనవాలు దానిలో ఉంది. ఆ మాట ఏఈ చదివి చెబితే ఎలక్ట్రీషియన్ ఫిటింగ్ దించేముందు జాయింటు చూస్తాడు. కాలువను ఆవిడ ప్రమాదానికి కారణంగా మాత్రమే చెప్పి, మూత వేయమని ఇందులో అడగలేదు. అది వేరే సిబ్బంది పని. ఒకే కాగితంలో రెండు పనులు అడిగితే కాగితం ఒకరి బల్ల మీదే ఆగి, రెండోది మరుగున పడుతుంది. కాలువకు ఇంకో ఉత్తరం రాయాల్సిందే. ‘ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోవడం లేదు’ అన్న వాక్యం కూడా ఇందులో లేదు. వచ్చి నెలే అయింది, ఆ మాట అబద్ధమవుతుంది.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి వార్డు సచివాలయంలోనే ఇవ్వొచ్చు. దీపాలూ నీళ్లూ చూసే ఎమెనిటీస్ సెక్రటరీ అక్కడే ఉంటారు. యాప్‌లో ఫిర్యాదు పెట్టినా ఇవే వివరాలు పనికొస్తాయి, నంబరు దాచుకోవాలి. ఎన్నాళ్లలో బాగుచేస్తారన్నది ఆఫీసులో పెట్టే పౌరసేవా పత్రం బోర్డు మీద చూడండి. ఊరిని బట్టి గడువు మారుతుంది.

ఆ గడువు దాటితే మళ్లీ మొదటినుంచి కొత్త ఉత్తరం రాయొద్దు. పాత నంబరు, తేదీ పైన వేసి రెండు వరుసల్లో గుర్తు చేయండి. కొత్త అర్జీగా ఇస్తే దానికి కొత్త గడువు మొదలవుతుంది, ఆలస్యం కనపడకుండా పోతుంది. అప్పటికీ కదలకపోతే సోమవారం జరిగే అర్జీల కార్యక్రమం ఉంది. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. ముద్ర పడిన ప్రతి అక్కడ పనికొస్తుంది. దాని తరువాత 2005 నాటి సమాచార హక్కు చట్టం మిగులుతుంది. ‘నా దీపం ఎందుకు బాగుచేయలేదు’ అని అడిగితే సరైన జవాబు రాదు. ‘ఫలానా నంబరు ఫిర్యాదు ఎవరికి, ఏ తేదీన పంపారు? దానిపై రిజిస్టర్‌లో నమోదైన చర్య నకలు ఇవ్వగలరు’ అని అడగాలి. ఉన్న కాగితాన్ని ముప్పై రోజుల్లో ఇచ్చి తీరాలి.

బాగుచేశామన్న మెసేజ్ వస్తే ఆ రాత్రి ఒకసారి, తరువాత మంచి వాన కురిసిన రాత్రి ఇంకోసారి చూడండి. వానకే ఆరిపోతుంటే జాయింటులోకి నీళ్లు దిగుతున్నాయని అర్థం. అప్పుడు రాసే ఉత్తరంలో పాత ఫిర్యాదు నంబరు, బాగుచేసిన తేదీ, మళ్లీ ఆరిన తేదీ వేసి, బాగుచేశాక కూడా వానలో ఆరుతోందని రాస్తే, వచ్చేవాళ్లు దీపంతోపాటు తీగనూ చూస్తారు.