మూడు గీతలు కలిసినా మూల కాకపోవచ్చు

ఆరెకరాల పొలం. వరి x, మొక్కజొన్న y, మినుము z ఎకరాలు. నేల మొత్తం ఆరెకరాలే: x+y+z ≤ 6. వరికీ మొక్కజొన్నకీ కలిపి నాలుగెకరాలకే నీళ్లు: x+y ≤ 4. మినుము విత్తనాలు రెండెకరాలకే: z ≤ 2. ఏ పంటా సున్నాకు తగ్గదు.

ఈ షరతులకు లోబడిన పంటల లెక్కలన్నీ కలిస్తే పలకలున్న ఆకారం వస్తుంది. లాభం ఎకరాల లెక్కన పెరిగేదైతే, గరిష్ఠ లాభం దాని మూలల్లో ఒకదాని దగ్గర తప్పక దొరుకుతుంది. అందుకే ఒక బిందువు మూలేనా అన్నది తేల్చుకోవాలి.

(1, 3, 2) తీసుకుందాం. ముందు షరతులన్నీ పాటిస్తోందా చూడాలి, పాటిస్తోంది. తర్వాత సరిగ్గా అంచున నిలిచినవి ఏవి? నేల, నీళ్లు, విత్తనాలు, మూడూ. తెలియనివి మూడు, బిగిసిన షరతులు మూడు కాబట్టి మూలే అనిపిస్తుంది. కాదు. నీళ్ల సమీకరణాన్నీ విత్తనాల సమీకరణాన్నీ కూడితే నేల సమీకరణం వచ్చేస్తుంది. అది కొత్తగా చెప్పేదేమీ లేదు, స్వతంత్రమైనవి రెండే. రుజువు కళ్లెదుటే ఉంది: (0, 4, 2), (2, 2, 2) రెండూ చెల్లుతాయి, మన బిందువు సరిగ్గా వాటి నడుమ ఉంది. మూలైన బిందువు చెల్లే మరో రెండు బిందువుల మధ్య ఎన్నడూ ఉండదు.

ఇప్పుడు (0, 4, 2) చూడండి. ఆ మూడింటితో పాటు x = 0 కూడా బిగిసింది. నాలుగింటిలో స్వతంత్రమైనవి మూడు, తెలియనివీ మూడే. ఇది మూల. ఒక షరతు ఎక్కువైనా నష్టం లేదు.

కంప్యూటర్‌లో దశాంశాలతో చేసేటప్పుడు మాత్రం 3.9999999 వస్తే నీళ్ల షరతు బిగిసినట్టా కాదా అన్నది, ఎంత తేడాను సున్నాగా లెక్కిస్తారన్న దానిమీద ఆధారపడుతుంది. ఆ హద్దును ముందే నిర్ణయించుకోండి.