మందుల హోల్‌సేలుకు సాఫ్ట్‌వేర్: డెమోకు ముందు రాయాల్సిన ఉత్తరం

"మీ సాఫ్ట్‌వేర్ ఎంత?" అని ఫోన్ చేసి అడిగితే కంపెనీ సేల్స్ ఉద్యోగి సూటిగా జవాబు చెప్పలేడు. ఎంతమంది వాడతారో, రోజుకు ఎన్ని బిల్లులు పడతాయో, పాత లెక్కలు కొత్తదాంట్లోకి తేవాలో అక్కర్లేదో తెలియకుండా అతను చెప్పే ధర ఉజ్జాయింపే. అందుకే ఆ ప్రశ్న అడిగినవాళ్లందరికీ ముందు ఒకే డెమో చూపిస్తారు. నాలుగే సరుకులతో ఒక బిల్లు, రంగురంగుల గ్రాఫులు, చివర్లో "ఈ నెలాఖరు వరకే" అనే తగ్గింపు. కొనేవాడి షాపులో రోజూ తలనొప్పి తెచ్చే పని ఏదీ ఆ గంటలో తెరమీదికి రాదు. అది రావాలంటే డెమోకు ముందే ఒక పేజీ ఉత్తరం రాయాలి.

విజయవాడలో ఒక మోస్తరు మందుల హోల్‌సేల్ షాపు ఉందనుకుందాం. మనుషులు పద్నాలుగు మంది. రోజుకు నూటయాభై బిల్లులు, దాదాపు ఎనిమిది వేల రకాల సరుకు, రెండు గోడౌన్లు. ఇప్పుడున్న పాత ప్రోగ్రాం మొరాయిస్తోంది. యజమాని కొత్తది కొనాలని మూడు కంపెనీలకు రాస్తున్నాడు. ఆ ఉత్తరంలో అవసరాల భాగం ఇలా ఉండొచ్చు:

"మాది మందుల హోల్‌సేల్. ప్రతి మందుకూ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ విడిగా ఉండాలి. బిల్లు కొట్టేటప్పుడు ముందుగా ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచ్ ముందు రావాలి. పదికి ఒకటి ఉచితం వంటి స్కీములు ఉంటాయి. షాపుల నుంచి ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి వస్తుంది, మేం దాన్ని కంపెనీలకు పంపుతాం. మా టర్నోవర్ ఐదు కోట్లు దాటింది కాబట్టి ఈ-ఇన్‌వాయిస్ కావాలి. ఇవన్నీ మేం పంపే బిల్లులతోనే డెమోలో చూపించండి."

చివరి వాక్యమే ఈ ఉత్తరానికి ప్రాణం. "జీఎస్టీ ఉందా, స్టాకు చూపిస్తుందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. నిజంగా తేడా తేల్చేవి చిక్కు బిల్లులు. అందుకని పాత రికార్డుల్లోంచి అలాంటివి మూడు నాలుగు ఏరి, షాపుల పేర్లు కొట్టేసి, ఉత్తరంతో పాటే పంపాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు 12 శాతంతో అమ్మిన స్ట్రిప్పులు ఆ తర్వాత వెనక్కి వచ్చాయి. వాటికి రాసే క్రెడిట్ నోటులో పాత బిల్లు నాటి 12 శాతమే పడాలి. మందు వివరాల్లో ఇప్పుడున్న 5 శాతాన్ని తీసుకొచ్చి వేసే సాఫ్ట్‌వేర్ అయితే షాపు లెక్కకూ పన్ను లెక్కకూ పొత్తు కుదరదు. డెమో ఇచ్చే మనిషి ఆ రిటర్నును పాత బిల్లుతో ముడిపెట్టి చూపించగలిగాడా లేదా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకొకటి బ్యాచ్ వెతుకులాట. నాణ్యత పరీక్షలో తప్పిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ప్రకటిస్తుంది. అందులో మన దగ్గరున్న బ్యాచ్ ఉంటే, అది ఏయే షాపులకు ఎన్ని స్ట్రిప్పులు వెళ్లిందో వెంటనే తెలియాలి. ఆ మందును ఎవరో మింగబోతున్నారు కాబట్టి దీన్ని అదనపు సౌకర్యంగా చూడకూడదు. డెమోలో ఒక బ్యాచ్ నంబరు ఇచ్చి జాబితా తీయమనాలి. "రిపోర్టు తయారుచేసి ఇస్తాం" అంటే ప్రస్తుతం అది లేదని అర్థం.

ఈ-ఇన్‌వాయిస్ దగ్గరా ఒక మెలిక ఉంది. జీఎస్టీ నంబరున్న షాపులకు కొట్టే బిల్లులకే అది కావాలి. నంబరు లేని చిన్న మెడికల్ షాపుల బిల్లులకు అక్కర్లేదు. రెండు రకాల షాపులూ ఖాతాదారులుగా ఉన్నచోట ఆ తేడా సాఫ్ట్‌వేరే గుర్తుపట్టాలి, కౌంటర్లో కుర్రాడు గుర్తుపెట్టుకోవలసి రాకూడదు.

ఇక మనుషుల లెక్క. ధర ఎక్కువగా తేడా వచ్చేది ఇక్కడే. "మా స్టాఫ్ పద్నాలుగు మంది" అని రాస్తే కంపెనీ పద్నాలుగు లాగిన్లకు ధర కట్టి పంపుతుంది. ఎవరేం చేస్తారో విడదీసి చూస్తే సంగతి వేరు. బిల్లింగ్ కౌంటర్లో ముగ్గురు, కొనుగోళ్లకు ఒకరు, అకౌంట్సులో ఇద్దరు, యజమాని. ఈ ఏడుగురికీ కంప్యూటర్లో పని, కానీ ఒకే వేళకు ఆరుగురికి మించి కూర్చోరు. నలుగురు సేల్స్‌మెన్ లైన్లో తిరుగుతూ ఫోన్లో ఆర్డర్లు పెడతారు. గోడౌన్లో సరుకు కట్టే ముగ్గురికి ప్రింటు తీసిన చీటీ చాలు, లాగిన్ అక్కర్లేదు. ఉత్తరంలో ఈ వివరమంతా రాయాలి. కొన్ని కంపెనీలు పేరుపేరునా ధర కడతాయి, కొన్ని ఒకేసారి ఎంతమంది వాడతారో చూసి కడతాయి.

ఈ షాపుకు రెండు కొటేషన్లు వచ్చాయనుకుందాం. అంకెలు ఊహించుకున్నవే, లెక్క పద్ధతి మాత్రం ఇదే. మొదటి కంపెనీ మనిషికి నెలకు 500 రూపాయలు అంది. పదకొండు మందికి ఏడాదికి 66,000, మూడేళ్లకు 1,98,000. పాత లెక్కలు ఎక్కించడం, శిక్షణ అందులోనే. రెండో కంపెనీ ఒకేసారి ఆరుగురు వాడే లైసెన్సు 90,000 అంది. మొదట చూస్తే ఇదే చవక. కానీ రెండో ఏడాది నుంచి నిర్వహణ ఏడాదికి 18,000, పాత లెక్కలు ఎక్కించడానికి 25,000, శిక్షణకు 10,000 కలిపితే 1,61,000 అయింది. సేల్స్‌మెన్ ఫోన్ యాప్ వేరే, మనిషికి నెలకు 300. నలుగురికి మూడేళ్లకు 43,200. మొత్తం 2,04,200. చవకనుకున్నది ఆరు వేలు ఎక్కువ తేలింది. ఈ యాప్ ధర మొదటి కొటేషన్లో కనిపించాలంటే, సేల్స్‌మెన్ సంగతి మొదటి ఉత్తరంలోనే ఉండాలి. అందుకే కొటేషన్ మూడేళ్లకు ఇవ్వమనీ, పన్ను విడిగా చూపమనీ, నాలుగో ఏడాది ధర ఎంత పెరగవచ్చో రాయమనీ అడగాలి.

పాత లెక్కలు ఎక్కించడం గురించి ఒక్క ముక్క తప్పనిసరిగా రాయాలి. చాలామంది ప్రతి షాపు బాకీని ఒకే మొత్తంగా తెస్తారు. షాపు 1,20,000 బాకీ ఉందని తెలుస్తుంది, అందులో ఏ బిల్లు తొంభై రోజులు దాటిందో తెలియదు. వసూలుకు వెళ్లిన సేల్స్‌మ్యాన్ చేతిలో ఆధారం ఉండదు. కాబట్టి బాకీ బిల్లుల వారీగా, స్టాకు బ్యాచ్‌ల వారీగా ఎక్కించాలని స్పష్టంగా రాయాలి. రేపు ఈ సాఫ్ట్‌వేర్ వదిలేస్తే మన లెక్కలన్నీ ఎక్సెల్‌లో ఇస్తారా అన్నదీ అప్పుడే అడగాలి.

డెమో రోజున యజమాని ఒక్కడే కూర్చుంటే సరిపోదు. కౌంటర్లో బిల్లు కొట్టేవాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టి, కాసేపు కీబోర్డు వాళ్ల చేతికే ఇమ్మనాలి. పదిహేను సరుకుల బిల్లును మౌస్ ముట్టకుండా కొట్టగలరా, ఇంటర్నెట్ పోతే బిల్లు ఆగుతుందా అన్నది వాళ్లే కనిపెడతారు. అడిగిన ప్రతిదానికీ వచ్చిన జవాబు ఏ రకమో పక్కనే రాసుకోవాలి: ఇప్పుడే ఉంది, డబ్బు కడితే చేసిస్తారు, ముందు ముందు వస్తుంది. రెండో రకానికి ధర, మూడో రకానికి తేదీ కొటేషన్లోనే రాయించుకున్నాక అడ్వాన్సు సంగతి మాట్లాడవచ్చు.