దురద కంటే ముందే వచ్చిన పురుగు

ఒక ఇంటి సంగతి ఊహించి చెబుతాను. ఇల్లు కల్పితమే గానీ చర్మవ్యాధుల ఓపీకి ఇలాంటి ఇళ్ళు కొత్త కాదు. ఏప్రిల్ 24న వేసవి సెలవులకు పదమూడేళ్ళ పిల్లవాడు హాస్టల్ నుంచి ఇంటికొచ్చాడు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న, ఏడేళ్ళ చెల్లెలు, ఎనిమిది నెలల పాప ఉన్నారు. ఎండాకాలం కాబట్టి రాత్రిళ్ళు అందరి పక్కలూ డాబా మీదే. నాయనమ్మకు ఒకవైపు మనవడు, రెండోవైపు మనవరాలు.

వాడు రాత్రంతా గోక్కుంటున్నాడు. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, నిక్కరు బిగిసే చోట సన్నని పొక్కులు. గజ్జి అని అమ్మ పోల్చుకుంది. మే 3న డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే పర్మెత్రిన్ క్రీము రాసిచ్చి, ఇంట్లో అందరూ పూసుకోమన్నారు. మిగతా ఎవరూ దురద అని చెప్పలేదాయె, ట్యూబు ఖరీదూ తక్కువేం కాదు. అందుకని వాడికొక్కడికే పూశారు. మే నెల మధ్యకల్లా తగ్గిపోయింది. మే 26న మళ్ళీ మొదలైంది. మందు పనిచెయ్యలేదని నాన్న, ఒళ్ళు వేడి చేసిందని నాయనమ్మ అన్నారు. జూన్ 1కి నాయనమ్మకే దురద పట్టుకుంది. చెమటకాయలేలే అనుకుంది. జూన్ 4న పాప అరచేతుల్లో, పాదాల్లో నీటిపొక్కులు కనిపించాయి.

ఈ తేదీలు అర్థం కావాలంటే ముందు పురుగు సంగతి తెలియాలి. మిరప రైతులు తెల్లనల్లి అంటారే, గజ్జి పురుగుదీ ఆ జాతే. ఎనిమిది కాళ్ళు. ఆడపురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కాబట్టి కంటికి ఆనదు. అది చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతూ నాలుగు నుంచి ఆరు వారాలు బతుకుతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తుంది, ఇంకో పది రోజులకు అదీ పెద్దదవుతుంది. ఇంత గోకుడుకు ఒంటి నిండా పురుగులు ఉంటాయనుకుంటాం గానీ, సాధారణంగా ఒక మనిషి ఒంటి మీద ఉండేవి పది పదిహేను మాత్రమే.

దురద పుట్టించేది ఆ పురుగు కొరకడం కాదు. దాని లాలాజలం, మలం, గుడ్లు మన ఒంటికి పడక వచ్చే దద్దురు అది. ఒంటికి ఆ పదార్థాలు కొత్త. వాటిని గుర్తుపట్టి ఎదురుతిరగడం నేర్చుకోవడానికి దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ పురుగు ఉంటుంది, గుడ్లు పెడుతుంది, పక్కవాళ్ళకు అంటుతుంది కూడా. దురద మాత్రం ఉండదు. ఒకసారి నేర్చుకున్న ఒళ్ళు ఇక మరిచిపోదు. రెండోసారి పురుగు ఎక్కితే ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది.

ఇప్పుడు తేదీలు చూడండి. పిల్లవాడికి ఇంటికొచ్చేనాటికే దురద ఉందంటే, పురుగు మార్చిలో ఎప్పుడో హాస్టల్లో ఎక్కింది. వాడు ఇంటికొచ్చిన రెండు మూడు రోజుల్లో అది నాయనమ్మకు చేరింది. అక్కణ్ణుంచి ఐదు వారాలు లెక్కేస్తే సరిగ్గా జూన్ 1 వస్తుంది. మే 3న వాడికి పూసిన మందు పనిచేసింది, వాడి పురుగులు చచ్చాయి. కానీ దురదే లేని నాయనమ్మ దగ్గర బతికున్నవాటిలో ఒకటి మే 24 ప్రాంతంలో తిరిగి వాడి మీదికి వచ్చింది. ఆ దురద తెలిసిన ఒళ్ళు కాబట్టి వాడు రెండ్రోజులకే గోకడం మొదలెట్టాడు. తప్పు మందుది కాదు. ఇంట్లో మిగతా ఐదుగురికి పూయకపోవడమే తప్పు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో కెనెత్ మెలన్‌బీ అనే కీటకశాస్త్రవేత్త దీన్ని మనుషుల మీదే పరీక్షించి చూశాడు. యుద్ధానికి వెళ్ళడానికి మనస్సాక్షి ఒప్పుకోని యువకులు ఆ పరీక్షలకు ముందుకొచ్చారు. గజ్జి ఉన్నవాళ్ళ దుప్పట్లలో పడుకున్నా, వాళ్ళ లోదుస్తులు వేసుకున్నా వాళ్ళకు అది అంటుకోవడం చాలా అరుదు. గజ్జి ఉన్నవాళ్ళతో ఒకే పక్క మీద పడుకున్నప్పుడు మాత్రం అంటింది. ఆలస్యంగా వచ్చే మొదటి దురదనూ, తొందరపడే రెండో దురదనూ స్పష్టంగా గమనించినవాడు ఆయనే. అందువల్ల గజ్జి దారి దుప్పటి కంటే ముందు ఒళ్ళే. కాసేపు చేయి పట్టుకోవడం, చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకోవడం, పక్కపక్కన పడుకోవడం చాలు. షేక్‌హ్యాండంత క్షణం సరిపోదు.

జూన్ 5న ఈసారి ఇంటిల్లిపాదీ వెళ్ళారు. నాన్న మాత్రం తనకున్నది వేరే అన్నాడు. ఆయన మాట నిజమే. మొలతాడు కింద, తొడల సందున గుండ్రటి మచ్చలు, అంచు ఉబ్బి పొట్టు రాలుతూ, నడుమ మానినట్టుగా ఉన్నాయి. అది తామర. పేరు గజ్జి పక్కన జంటగా వినిపిస్తుంది గానీ తామర పురుగు కాదు, చర్మం పైపొరను తిని బతికే ఫంగస్. దాని దురద తీరూ వేరు. చెమట పట్టినప్పుడు, పొలంలోనో బండి మీదో ఉన్నప్పుడు పగలే మండుతుంది. మచ్చ ఉన్నచోటే ఉంటుంది. గజ్జి దురద రాత్రి పక్క వెచ్చబడ్డాక లేస్తుంది, పొక్కు లేనిచోట కూడా ఒళ్ళంతా పాకుతుంది. పెద్దవాళ్ళకు గజ్జి మామూలుగా ముఖం మీదికి రాదు. పసిపిల్లలకు ముఖం, తల, అరచేతులు, పాదాలు దేన్నీ వదలదు. అనుమానం తీరకపోతే ఒక పాత ఉపాయం ఉంది. వేలి సందున పొక్కు మీద పెన్ను ఇంకు రుద్ది తడిగుడ్డతో తుడిస్తే, ఇంకు సొరంగంలోకి దిగి సన్నటి వంకర గీతగా నిలిచిపోతుంది.

నాన్న మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీము నెలల తరబడి రాస్తున్నాడు. పూసిన రెండ్రోజులకే హాయినిచ్చే ఇలాంటి క్రీముల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి స్టెరాయిడు కూడా ఉంటుంది. స్టెరాయిడు దురదను అణుస్తుంది, ఫంగస్‌తో పోరాడే చర్మాన్ని కూడా అణుస్తుంది. అంచు చెదిరి మచ్చ తామరలా కనిపించడం మానేస్తుంది గానీ పాకడం మానదు. నన్ను బాధపెట్టేది ఈ ట్యూబే. గత పదేళ్ళకు పైగా మన దేశంలో మొండితామర ఇళ్ళకు ఇళ్ళనే పట్టుకుంటోందంటే, అందులో దీని పాలు ఉంది. ఇక్కడ వ్యాపించిన రకానికి శాస్త్రజ్ఞులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఎన్నేళ్ళనుంచో వాడుతున్న టెర్బినాఫిన్ ఈ రకంలో చాలావాటిని చంపలేదు. అందుకే డాక్టర్లు తరచు ఇట్రాకొనజోల్ వైపు వెళ్ళాల్సి వస్తోంది, అదీ వారాల తరబడి.

ఇక్కడే ఒక తేడా గుర్తుంచుకోవాలి. గజ్జికి దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరికీ ఒకే రాత్రి మందు. తామరకు అందరినీ చూడాలి, మచ్చ ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి మొదలుపెట్టాలి. మచ్చ లేనివాళ్ళకు మాత్రలు అవసరం లేదు. చూడడమంటే అడగడం కాదు. తొడల సందున ఉన్నదాన్ని సిగ్గుపడి దాచేవాళ్ళు ఉంటారు, ఇల్లంతా తగ్గాక మళ్ళీ మొదలయ్యేది వాళ్ళ దగ్గరే. ఫంగస్ రాలిన పొట్టులో నెలల తరబడి బతకగలదు. కాబట్టి తువ్వాలు, లుంగీ, లోదుస్తులు, మొలతాడు ఎవరివి వాళ్ళవే ఉండాలి. నాన్న పాత మొలతాడు తీసేయాల్సిందే. ఆయన బట్టలు విడిగా వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. క్రీము మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ మేర పూయాలి, మచ్చ మాయమయ్యాక కూడా రెండు వారాలు ఆపకూడదు.

గజ్జి మందుకు వస్తే, పెద్దవాళ్ళు ముగ్గురికీ పిల్లవాడికీ తలా ఒక ముప్పై గ్రాముల ట్యూబు కావాలి. చెల్లెలికి సగం చాలు, పాపకు ఎనిమిదో వంతు. అంటే ఒక రాత్రికి ఐదు ట్యూబులు, రెండు రాత్రులకు పది. జూన్ 6 రాత్రి అంట్లు తోమడం అయ్యాక పూసుకోవాలి, ఎందుకంటే పూసుకున్నాక చేయి కడిగితే వేళ్ళ సందుల మందు పోతుంది, పురుగు ఎక్కువగా ఉండేది అక్కడే. చేయి కడగాల్సి వస్తే మళ్ళీ పూయాలి. మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ళ కింద, బొడ్డులో, పిరుదుల మధ్య, మర్మాంగాల మీద, ఖాళీ వదలకుండా. పాపకు కళ్ళూ నోరూ తప్పించి ముఖానికీ తలకూ కూడా. చేతులు నోట్లో పెట్టుకోకుండా మేజోళ్ళు తొడగాలి. తల్లి పాలిచ్చే ముందు రొమ్ము తుడుచుకుని, ఇచ్చాక మళ్ళీ రాసుకోవాలి. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచి పొద్దున స్నానం చెయ్యాలి. ఆ పొద్దునే మూడు రోజులుగా వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. ఉతకలేని బొంతను సంచిలో మూతికట్టి వారం పక్కన పెడితే పురుగు ఆకలికి చస్తుంది. దానికి ఒళ్ళు లేకుండా రెండు మూడు రోజులకు మించి బతుకు లేదు. మొదటిసారి మందుకు చావని గుడ్లు పిల్లలైతే వాటిని పట్టడానికి వారం తర్వాత రెండో పూత. ఐవర్‌మెక్టిన్ మాత్రలూ ఉన్నాయి, బరువును బట్టి రెండు మోతాదులు. కానీ పదిహేను కిలోలలోపు పిల్లలకూ గర్భిణులకూ మామూలుగా ఇవ్వరు.

పూత అయిపోయాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. చచ్చిన పురుగులు, వాటి మలం చర్మం పైపొరలోనే ఉంటాయి, ఆ పొర రాలేదాకా ఒళ్ళు వాటితో గొడవపడుతూనే ఉంటుంది. అది చూసి మళ్ళీ మళ్ళీ పూస్తే చర్మం మండడం తప్ప లాభం లేదు. నెల దాటాక కొత్త పొక్కులు, కొత్త గీతలు కనిపిస్తే అప్పుడు మందు తప్పిందని అనుమానించాలి. గోకిన పొక్కులు చీముపడితే ఆగకూడదు. చీము పట్టించే బ్యాక్టీరియా వల్ల పిల్లల మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రబడినా వెంటనే చూపించాలి.

ఈ ఇంట్లో రెండో పూత జూన్ 13 రాత్రికి పడింది. హాస్టల్ తెరిచేది 12న. అమ్మ వాణ్ణి ఇంకో రెండు రోజులు ఉంచుకుని 14న పంపింది. వెంట వెళ్ళిన నాన్న, తన కొడుకుకు గజ్జి ఉండేదని, గదిలో మిగతా పిల్లలకు కూడా ఒకే రాత్రి పూయించమని వార్డెనుకు చెప్పాడు. ఎవరికీ దురద లేదుగా అన్నాడాయన. తన తల్లికి జూన్ 1 దాకా ఏ దురదా లేదని నాన్న చెప్పాడు.