ఇల్లు చేరినాక ఒక్క మెసేజ్

పెళ్లిచూపులు ముగించుకుని గడప దాటుతూ అబ్బాయి తరఫువాళ్లు అనే మాట ఒకటుంది: "ఇంటికి పోయి మాట్లాడుకుని కబురు చేస్తాం." పెద్దమండ్యం వైపు గానీ, మదనపల్లె, పుంగనూరు వైపు గానీ ఆ మాట విని మోసపోయే ఇంటి పెద్ద లేడు. సంబంధం నచ్చితే మధ్యవర్తి పొద్దు గూకకముందే ఫోన్ చేస్తాడు. వారం దాటినా ఉలుకూ పలుకూ లేదంటే ఇంకో సంబంధం చూసుకోవాల్సిందే. వద్దని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చెప్పకుండా ఉండిపోతే చాలు, అవతలివాళ్లే అర్థం చేసుకుంటారు.

ఇప్పుడా కబురు మధ్యవర్తి చేతిలోంచి పిల్లల ఫోన్లలోకి వచ్చింది. ఈ పల్లెల నుంచి బెంగళూరుకు ఉద్యోగాలకు పోయినవాళ్లు చాలామంది. మదనపల్లెలో బస్సెక్కితే చింతామణి మీదుగా 120 కిలోమీటర్ల చిల్లర ప్రయాణం. అక్కడ యాప్‌లో పరిచయమై కలిసేవాళ్లున్నారు. ఇక్కడ పెద్దలు ఫోటోలు, నంబర్లు మార్చుకున్నాక "మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకోండి" అని పంపితే కాఫీ షాపులో కూర్చునేవాళ్లున్నారు. రెండోదాన్ని డేట్ అనడానికి పెద్దలు ఒప్పుకోరు గానీ, ఇద్దరు కొత్త మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు అంచనా వేసుకోవడమైతే రెండుచోట్లా ఒకటే. ఆ కలయిక బాగా జరిగిందనుకోండి. బిల్లు కట్టేశారు, ఎవరి బస్సు వాళ్లు ఎక్కేశారు. మళ్లీ కలవాలని ఉందని ఇప్పుడు చెప్పాల్సింది ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో?

ఒక జంటను ఊహించుకుందాం. అబ్బాయిది పెద్దమండ్యం దగ్గర పల్లె, బెంగళూరులో ఉద్యోగం. అమ్మాయిది పుంగనూరు, మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆదివారం మధ్యాహ్నం మదనపల్లెలోనే కలిశారు. గంట అనుకున్నది రెండు గంటలైంది. మాటల్లో ఆమె, చిన్నప్పుడు బడివాళ్లు గుర్రంకొండ కోటకు తీసుకుపోయిన సంగతి చెప్పింది. సగం ఎక్కేసరికి వాన పట్టుకుంది, అందరినీ దింపేశారు, పైన ఏముందో ఈ రోజుకీ చూడలేదు. సాయంత్రం అతను బెంగళూరు బస్సులో కూర్చుని ఫోన్ తీశాడు.

మొదట అతని చేతికి వచ్చేది ఇలా ఉంటుంది: "హాయ్ అండీ, ఈరోజు చాలా బాగా గడిచింది. టైమ్ ఇచ్చినందుకు థాంక్స్. మళ్లీ ఎప్పుడైనా కలుద్దాం."

మర్యాదకు లోటు లేదు. కానీ అందులో ఆ అమ్మాయి లేదు. బ్యాంకులో లోను గురించి మాట్లాడి వచ్చినా ఇదే మెసేజ్ పంపొచ్చు. పైగా "ఎప్పుడైనా" అంటే మన దగ్గర ఎప్పుడూ కాదనే. ప్రశ్న లేదు కాబట్టి ఆమె "ష్యూర్ అండీ" అంటుంది, పక్కన ఒక నవ్వు బొమ్మ పెడుతుంది. అంతటితో ఇద్దరూ అవతలివాళ్లు తేదీ చెబుతారని కూర్చుంటారు. నాలుగు రోజులయ్యాక ఆమెకు ఆసక్తి లేదేమోనని అతనూ, ఊరికే మర్యాదకు పంపాడేమోనని ఆమే అనుకుంటారు. ఇలా చెడిపోయే పరిచయాలు గొడవపడి చెడిపోయేవాటికన్నా ఎక్కువని నా అనుమానం.

రెండో రకం రాత్రి పదకొండున్నరకు వస్తుంది. నాలుగు పేరాలు. మీలాంటి అమ్మాయిని ఇంతవరకు చూడలేదని, నిద్ర పట్టడం లేదని, ఇంట్లో అమ్మకు కూడా చెప్పేశానని. రెండు గంటల పరిచయం ఆ బరువు మోయలేదు. దానికి అవును అంటే ఆమె పెళ్లికి ఒప్పుకున్నట్టు, కాదంటే ఒక మనిషి గుండె పగలగొట్టినట్టు. మధ్యలో నిలబడ్డానికి చోటే ఉండదు. అలాంటప్పుడు చాలామంది ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ఇక అతను కాస్త ఆగి ఇలా రాశాడనుకుందాం: "బస్సు చింతామణి దాటింది. మీరు ఇంటికి చేరినారా? వానకి కోట సగంలోనే దిగేసినామని చెప్పినారు కదా, పైన ఏముందో చూడాలని ఇంకా ఉందా? ఈరోజు మీతో మాట్లాడతా ఉంటే బాగుండింది, మళ్లీ కలవాలని ఉంది. వచ్చే ఆదివారం ఊరికి వస్తాండాను. గుర్రంకొండ పోదామా?"

దారిలో పడ్డాడు. ఆమె చెప్పిన సంగతినే పట్టుకుని దాని మీద ఇంకో ప్రశ్న వేశాడు. ఇలా వెంబడి ప్రశ్న వేసేవాళ్ల గురించి హార్వర్డ్‌లో కారెన్ హువాంగ్, అలిసన్ వుడ్ బ్రూక్స్ బృందం చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. కొత్తవాళ్లను వరసగా కొద్ది నిమిషాలపాటు కలిపించే స్పీడ్ డేటింగ్ సంభాషణలను వాళ్లు పరిశీలించారు. విన్నదాని మీద మళ్లీ ప్రశ్న వేసినవాళ్లకు రెండోసారి కలవడానికి ఒప్పుకోళ్లు ఎక్కువ వచ్చాయి. ప్రశ్నలు ఎన్నో అడగాలని కాదు. ఇంతకుముందు చెప్పింది విన్నట్టు ఆ ప్రశ్నలో తెలియాలి, అంతే. ఆమె ప్రొఫైల్‌లో చూసిన సంగతి ఎత్తితే ఆ పని జరగదు, ఆమె నోటితో చెప్పింది ఎత్తితేనే జరుగుతుంది.

అయినా ఈ మెసేజ్‌లో ఒక తప్పుంది. ఒకే ఒక్కసారి కలిసిన మనిషితో జనం పలచగా ఉండే కొండ ఎక్కమంటున్నాడు. అతనికది సరదా. ఆమె మాత్రం ఎవరితో పోతున్నానని ఇంట్లో చెప్పాలో, ఏ బస్సుకు వెనక్కి రావాలో, ఫోన్‌కు సిగ్నల్ ఉంటుందో లేదో లెక్కలు వేసుకోవాలి. మనిషి నచ్చినా చోటు వల్ల వద్దనాల్సి వస్తుంది. రెండో కలయిక కూడా జనం తిరిగే చోటే, గంటలో లేచిపోగలిగే చోటే ఉండాలి. కోటలు, హార్స్‌లీ హిల్స్ ఆ తర్వాత. కాబట్టి చివరి వాక్యాలు ఇలా మారాలి: "ఆ కోట ఎప్పుడో ఒకసారి మీరు పూర్తిగా ఎక్కాల్సిందే. అంతకుముందు, వచ్చే ఆదివారం పొద్దున మదనపల్లెలోనే టిఫిన్‌కు కలుద్దామా? కుదరకపోయినా, వద్దనిపించినా మొహమాటం లేకుండా చెప్పేయండి, ఏమీ అనుకోను."

ఆ ఆఖరి ముక్క పెడితే మనమే కాదనిపించుకున్నట్టు అవుతుందని భయపడేవాళ్లున్నారు. అలా ఏమీ కాదు. రావాలనుకున్న మనిషి ఆ ముక్క చూసి ఆగిపోదు. వద్దనుకున్న మనిషికి మాత్రం చెప్పడానికి దారి దొరుకుతుంది, మనకు వారం రోజుల ఎదురుచూపు తప్పుతుంది.

ఈ ప్రాంతంలో రాసేవాళ్లు ఇంకో సంగతి కూడా తలచుకోవాలి. ఫోన్ ఒక్కరి చేతిలోనే ఉండదు. చార్జింగ్‌కు పెట్టి వంటింట్లోకి పోతే తమ్ముడు చూస్తాడు, తెర మీద మొదటి రెండు లైన్లు ఎవరికైనా కనిపిస్తాయి. కాబట్టి ఆ అమ్మాయి వాళ్లమ్మ చదివినా ఇబ్బంది లేని మెసేజ్ రాయాలి. పైన చూసింది అలాంటిదే: ఇల్లు చేరారా, ఆదివారం టిఫిన్‌కు వస్తారా. మళ్లీ కలవాలని ఉందన్నది దాచలేదు, అలాగని సిగ్గుపడాల్సిందీ ఏమీ లేదు. మీరు అనే పిలుపును ఆమె నువ్వులోకి దించేదాకా అలాగే ఉంచితే నష్టం లేదు.

ఎప్పుడు పంపాలన్నదాని మీద స్నేహితుల సలహాలకు కొదవ లేదు. మూడు రోజులు ఆగమంటారు, లేకపోతే చులకనైపోతామంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. హాంకాంగ్‌లో షియాన్‌చి దాయ్, మరో ఇద్దరు కలిసి చేసిన పరిశోధన 2014లో వెలువడింది. అప్పటికే ఆసక్తి ఉన్న మగవాళ్లతో అమ్మాయి ముభావంగా ఉంటే ఆమె కావాలన్న తపన పెరిగింది. కానీ ఆమె మీద ఇష్టం తగ్గింది. ఆసక్తి ఇంకా కుదరనివాళ్లలో రెండూ తగ్గాయి. బెట్టు చేసి సంపాదించుకునేది ఏమిటో దీన్నిబట్టి చూసుకోవచ్చు. నా మట్టుకు ఆ రోజు రాత్రి తొమ్మిదిలోపే సరైన సమయం. ఇల్లు చేరారా అని అడగడానికి ఆ పూటే అర్థముంటుంది, మూడు రోజుల తర్వాత అడిగితే నవ్వుతారు.

పంపాక మొదలవుతుంది అసలు కష్టం. వాట్సాప్ 2014 నవంబరులో నీలం టిక్కులు తెచ్చినప్పటి నుంచి ఎదురుచూడ్డం ఇంకో రకం బాధైంది. చదివారు, జవాబివ్వలేదు. ఆ టిక్కులను ఎవరైనా సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు కాబట్టి అవి రాకపోయినంత మాత్రాన చదవలేదని కాదు. వచ్చినంత మాత్రాన నచ్చలేదనీ కాదు. అంట్లు తోముతూ చూసి ఉండొచ్చు, అక్కను అడిగి రాద్దామనుకుని ఉండొచ్చు. మనం ఊహించుకునేది సాధారణంగా నిజం కన్నా చేదుగా ఉంటుంది. ఎరికా బూత్‌బీ, ఆమెతో పాటు మరో ముగ్గురు అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2018లో దీన్నే చూపించారు. కొత్తవాళ్లను జతలుగా మాట్లాడుకోనిచ్చి, ఎదుటివాళ్లు మీకు ఎంత నచ్చారు, మీరు వాళ్లకు ఎంత నచ్చారనుకుంటున్నారు అని విడివిడిగా అడిగారు. తాము నచ్చిన దానికన్నా తక్కువే నచ్చామని జనం అనుకున్నారు. హాస్టల్లో కలిసి ఉండే విద్యార్థుల్లో ఆ తేడా నెలల తరబడి నిలిచింది. అంటే ఇటు బస్సులో అబ్బాయీ, అటు పుంగనూరులో అమ్మాయీ ఒకే తప్పు లెక్క వేసుకుంటూ ఉండే అవకాశం బాగా ఉంది. అందుకే అబ్బాయే ముందు రాయాలన్న పాత పద్ధతి నాకు నచ్చదు. కలవాలని ఉంటే ఆమే రాయొచ్చు. పైన రాసిన మాటలు ఆమె ఫోన్ నుంచి పోయినా పెద్దగా మార్చక్కర్లేదు, బస్సు, కోట ముచ్చట్లు తప్ప.

జవాబు రాకపోతే ఎన్నిసార్లు అడగాలి? రెండు మూడు రోజులాగి ఒక్కసారి: "ఆదివారం ప్రయాణం ఖాయం చేసుకోవాలి, మీకు వీలవుతుందా?" అంతే. దానికీ జవాబు లేకపోతే అదే జవాబు. ప్రశ్నార్థకాలు పంపడం, స్నేహితురాలి నంబరు సంపాదించడం, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి అక్కడ పలకరించడం, ఆమె పనిచేసే బడి ముందు బండి ఆపడం ప్రేమ కిందికి రావు. ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలిపాక కూడా మగవాడు పదేపదే ఆమెను సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. సినిమా హీరో వెంటపడి గెలుచుకునే అమ్మాయి సినిమాలోనే ఉంటుంది.

చివరగా మెసేజ్ అందుకునేవాళ్లకు ఒక మాట. పంపినవాళ్లు సరిగ్గా రాసినా, సంగతంతా మళ్లీ పాత కబురు పద్ధతిలో మీ దగ్గర ఆగిపోతోంది. వస్తానంటే గంట, చోటు చెప్పండి. వద్దనుకుంటే ఈ రెండు వాక్యాలు వాడుకోండి: "మీతో మాట్లాడడం బాగుండింది. కానీ దీన్ని ముందుకు తీసుకుపోవాలని నాకు అనిపించలేదు, అందుకే ముందే చెప్తాండాను." కారణాలు రాయక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు. బిజీగా ఉన్నానని మాత్రం రాయొద్దు. అవతలి మనిషి మీ తీరిక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.