పది రూపాయల బిళ్ల దొర్లిన దూరం

"మావయ్యా, పరిధి కావాలంటే వ్యాసాన్ని పైతో గుణించాలట. ఎందుకు గుణించాలి?" అని అడిగింది ఆరో తరగతి చదివే మా అక్క కూతురు. నేను జేబులోంచి పది రూపాయల బిళ్ల తీసి దాని చేతిలో పెట్టాను.

స్కేలుతో అడ్డంగా కొలిస్తే 27 మిల్లీమీటర్లు వచ్చింది. బిళ్ల అంచు మీద పెన్నుతో చుక్క పెట్టింది. చుక్క కిందకి వచ్చేలా బిళ్లను కాగితం మీద నిలబెట్టి, అక్కడో గీత గీసి, మెల్లగా దొర్లించింది. చుక్క మళ్లీ కాగితాన్ని తాకిన చోట ఇంకో గీత గీసింది. అంచు మీది ప్రతి చోటూ వరసగా ఒక్కోసారి కాగితాన్ని తాకింది కాబట్టి, గుండ్రటి అంచును విప్పి తిన్నగా పరిచినట్టే. రెండు గీతల మధ్య దూరం 87. దాన్ని 27తో భాగిస్తే 3.22. పుస్తకంలో ఉన్నది 3.14. పిల్ల మొహం చిన్నబోయింది.

నున్నటి కాగితం మీద బిళ్ల కాస్త ముందుకు జారింది, అంతే. ఈసారి బల్ల మీద నూలు గుడ్డ బిగించి పరిచాం. దారి వంకర పోకుండా పక్కన ఓ కర్ర పెట్టాం. ఒక చుట్టుతో ఆపకుండా పది చుట్లు తిప్పాం, మిల్లీమీటరు తేడా వచ్చినా పది చుట్లకూ పంచుకుపోతుందని. మొత్తం 848 వచ్చింది. అంటే చుట్టుకు 84.8. భాగిస్తే 3.14!

"సరే, మూడు పైచిల్లరే ఎందుకు రావాలి?" అంది. నాకు కావలసిన ప్రశ్న అదే.

బిళ్ల చుట్టూ పెన్సిల్‌తో గీసి సున్నా తీశాం. వృత్తలేఖినిని వ్యాసంలో సగం, అంటే పదమూడున్నర మిల్లీమీటర్లు తెరిచి, అంచు వెంట గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు పట్టాయి. వాటిని కలిపితే ఆరు గీతలు. ఆరు సగాలంటే మూడు వ్యాసాలు, 81. కానీ వంపు ప్రతి గీత మీదా కొంచెం ఉబికి ఉంది. ఒక్కో ఉబుకు వల్ల పొడవు అర మిల్లీమీటరు దాటి పెరుగుతుంది. ఆరూ కలిపితే నాలుగుకు కాస్త తక్కువ. మూడు మీది చిల్లర అదే.

గిన్నె మూత తీసుకున్నా ఇదే బొమ్మ, పెద్దదవుతుంది. గీతలూ ఉబుకులూ ఒకే పాళ్లలో పెరుగుతాయి కనుక నిష్పత్తి మారదు.

ఆ ఉబుకును ఇంకా పట్టుకోవాలంటే భుజాలు పెంచాలి. ఆర్కిమెడీస్ ఆరుతో మొదలుపెట్టి 96 దాకా వెళ్లాడు. 499లో ఆర్యభటుడు వ్యాసం 20,000 అయితే పరిధి 62,832 అన్నాడు. అది కూడా 'ఆసన్నం', దగ్గరి విలువ మాత్రమేనని చెప్పాడు.

పిల్ల ఇప్పుడు ఇరవై రూపాయల బిళ్ల అడిగి తీసుకుంది. అది నున్నగా దొర్లలేదు. వేలితో అంచు తడుముతూ మూలలు లెక్కపెట్టింది. పన్నెండు.